కాటా అత్త గీసే సున్నా

ఆ జంతువుల ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. డాక్టరు మొదలు గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె కాటా అత్త. కాటా ఎందుకంటే, లోపలికి వచ్చిన ప్రతి కుక్కనూ ముందుగా తూకం వేసేది ఆమే. అత్త ఎందుకంటే, ఆ నోరు అలాంటిది. కుక్కకు ఒళ్లు పెరిగిందని తెలిస్తే చాలు, తెచ్చినవాళ్లు ఎంతటివాళ్లైనా నిలబెట్టి కడిగేస్తుంది. "ప్రేమగా పెట్టుకుంటున్నామండీ" అన్నవాళ్లు ఆరోజు అయిపోయినట్టే. "దాన్ని మోస్తున్నది దాని మోకాళ్లండీ, మీ ప్రేమ కాదు" అంటుంది.

ఇరవై రెండేళ్ల కిందట బోనులు కడగడానికి చేరిన మనిషి ఆమె. కుక్కల్ని పట్టుకోవడం, మందులు మింగించడం, తూకాలు రాయడం ఒక్కొక్కటే చేతికి వచ్చాయి. ఇప్పుడు ఒంటి లెక్క చెప్పాలంటే డాక్టరు కూడా ఆమె చేతినే నమ్ముతాడు. ఒంటి లెక్కంటే ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక కొలమానం. ఒకటంటే ఎముకల గూడు. నాలుగూ ఐదూ మంచి ఒళ్లు. ఆపైన ప్రతి అంకెకీ ఉండాల్సిన బరువు మీద పదో వంతు పెరిగిందని లెక్క. తొమ్మిదంటే ఇక చెప్పేదేముంది, కుక్క నడుము కుక్కకే గుర్తుండదు. ఆ లెక్క చూసేటప్పుడు కాటా అత్త కళ్లు మూసుకుంటుంది. బొచ్చు కళ్లను మోసం చేస్తుంది గానీ వేళ్లను చెయ్యలేదని ఆమె పట్టుదల.

ఈ విద్య ఇంట్లో కూడా ఊరుకోదు. గడియారాలు బాగుచేసుకునే వాళ్లాయన ఒకరోజు భోజనం చేస్తుంటే వెనకనుంచి పక్కటెముకలు తడిమి "ఏడు" అంది. "ఎంతకి?" అన్నాడాయన ముద్ద ఆపకుండా. "తొమ్మిదికి" అంది. "అయితే ఫస్టు క్లాసే" అని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. కుక్క కార్డు మీద బరువు రాసి, పక్కనే చిన్న సున్నా చుడుతుంది. మెడ పట్టీ, గొలుసు, చొక్కా, అన్నీ విప్పించి తూచానని దాని అర్థం. అన్నీ విప్పకుండా ఆ చెయ్యి సున్నా చుట్టదు. ఇరవై రెండేళ్లలో ఆ సున్నా పెట్టడం మరిచిపోయింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఒక ప్రాణం మీదికి వచ్చింది.

ఆ ప్రాణం పేరు చుక్క. ఏడేళ్ల ఆడ లాబ్రడార్. ఒళ్లంతా నలుపు, గుండె మీద మాత్రం రూపాయంత తెలుపు. దాన్ని తీసుకొచ్చినవాళ్లు ఇద్దరు అక్కచెల్లెళ్లు. పెద్దామె టైలరు, ఇంటి ముందు గదిలోనే మిషను. చిన్నామె స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆసుపత్రిలో వాళ్లు టైలరమ్మ, టీచరమ్మ అయిపోయారు. ఇద్దరికీ పెళ్లి మీద ధ్యాస లేదు గానీ చుక్క మీద ఉంది. ఆ ధ్యాసంతా చుక్క ఒంట్లోకే చేరింది. మొదటిరోజు కాటా మీద నలభై రెండు కిలోలు చూపించింది.

ఎక్స్‌రే చూసిన డాక్టరు తుంటి కీళ్లు రెండూ అరిగిపోయాయని చెప్పాడు. అప్పటికే చుక్క లేవాలంటే మూడుసార్లు ప్రయత్నించేది. రెండో అంతస్తుకి మెట్లెక్కడం మానేసి నెల. టైలరమ్మ బల్ల అంచు పట్టుకుని అడిగింది, "అంత నొప్పి పడుతూ బతకడం ఎందుకు డాక్టరుగారూ? ఇంజెక్షనిచ్చి నిద్రపుచ్చేస్తే మంచిదేమో."

"మూడు నెలలు ఆగండమ్మా," అన్నాడు డాక్టరు. "అరిగిన కీళ్లు బాగుచెయ్యలేను. కానీ వాటి మీదున్న బరువు దింపొచ్చు. రెండున్నర, మూడు కిలోలు తగ్గినా నడకలో తేడా మీకే తెలుస్తుంది. అప్పటికీ లేవలేకపోతే మీరన్నట్టే చేద్దాం."

అలా చుక్క ఆయుష్షు మూడు నెలల గడువు మీద నిలబడింది. ఆ గడువు కాటా అత్త చేతిలో పెట్టారు.

ఆమె ముందు ఇద్దరి చేతులూ పట్టుకుంది. "పిడికిలి బిగించండి. కణుపుల మీద రెండో చేత్తో తడమండి. పక్కటెముకలు అలా గుచ్చుకుంటే కుక్క చిక్కిపోయినట్టు. ఇప్పుడు చెయ్యి చాపి, వెనకవైపు తడమండి. చర్మం కింద ఎముకలు తెలుస్తున్నాయా? అదీ మంచి ఒళ్లు. ఇప్పుడు అరచెయ్యి తిప్పి, బొటనవేలి కిందున్న కండ నొక్కండి. ఎముక దొరికిందా? దొరకదు. మీ చుక్క మొత్తం అదే." తర్వాత చుక్కను పైనుంచి చూపించింది. పక్కటెముకల వెనక నడుము సన్నబడాలి, సన్నబడలేదు. పక్కనుంచి చూపించింది. పొట్ట పైకి లేవాలి, కిందికి వేలాడుతోంది. తోక మొదట్లో వేలు పెడితే మెత్తటి దిండు. "తొమ్మిది" అంది. మార్కుల లెక్కలో బతికే టీచరమ్మ తొమ్మిదికి తొమ్మిదని వినగానే తల దించుకుంది.

డాక్టరు లెక్క వేశాడు. తొమ్మిదంటే నలభై శాతం ఎక్కువ కాబట్టి చుక్క ఉండాల్సింది ముప్పై కిలోలు. తిండి ఇప్పుడున్న ఒంటికి కాదు, ఆ ముప్పై కిలోల ఒంటికి పెట్టాలి. రోజుకు తొమ్మిది వందల కేలరీలు. బరువు తగ్గించే గుళికల మేత పొద్దున నూట ముప్పై అయిదు గ్రాములు, సాయంత్రం నూట ముప్పై అయిదు. మిగిలిన పదో వంతు ఉడికించిన బీన్స్, క్యారెట్ ముక్కలు. వారానికి నూటికి ఒకటి నుంచి రెండు వంతులు తగ్గాలి, అంటే మొదట్లో నాలుగు వందల గ్రాముల నుంచి ఎనిమిది వందల దాకా.

"ఇంకా ఎక్కువ తగ్గితే ఇంకా మంచిదే కదండీ?" అంది టైలరమ్మ.

"కాదమ్మా," అన్నాడు డాక్టరు. "తొందరపడితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అరిగిన తుంటిని పట్టుకుని నిలబెట్టేది ఆ కండే."

కాటా అత్త తూనిక యంత్రం కొనమంది, గ్లాసులతో కొలవొద్దంది, గ్రాములు డైరీలో రాయమంది. పొద్దున పెట్టేది టైలరమ్మ, సాయంత్రం టీచరమ్మ. వెళ్తూ వెళ్తూ టైలరమ్మ మెడలోని టేపు తీసి చుక్క నడుం చుట్టూ వేసింది. ముప్పై ఆరంగుళాలు. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ చుక్కకి కేటాయించింది. కాటా అత్త నవ్వి ఊరుకుంది.

రెండో వారం చివర నలభై ఒకటీ రెండు వందలు, పక్కన సున్నా. సరిగ్గా అనుకున్నట్టే. మూడో వారం డాక్టరు వెనక కాళ్ల ఆసరా పట్టీ ఒకటి ఇప్పించాడు. మందపాటి గుడ్డ, పైన పిడి, ఇనప బకిల్సు. చుక్క మెట్లెక్కేటప్పుడు ఆ పిడి పట్టుకుని పైకెత్తవచ్చు.

నాలుగో వారం చివర వాళ్లొచ్చిన రోజున, సరిగ్గా అప్పుడే బండి కింద పడ్డ కుక్కనొకదాన్ని మోసుకొచ్చారు. వరండా అంతా అరుపులు. డాక్టరు లోపలినుంచి కాటా అత్తను కేకేశాడు. ఆమె ఒక చేత్తో చుక్కను కాటా మీదికి నెట్టి, అంకె చూసి, కార్డు మీద గీకింది. నలభై ఒకటీ వంద.

రెండు వారాలకు వంద గ్రాములు! ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు ఇంకాస్త ముందుకొచ్చింది.

"ఎవరు పెడుతున్నారు?" అంది.

"ఎవరమూ పెట్టట్లేదండీ. డైరీ చూడండి," అంది టీచరమ్మ.

"డైరీలు నేను చాలా చూశాను. డైరీలో ఉపవాసం, వంటింట్లో విందు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, కుక్కలు అబద్ధం చెప్పవు, మనుషులే చెప్తారు. మీ ఇంట్లో ఎవరో ఒకరు దీనికి దొంగచాటుగా పెడుతున్నారు."

టైలరమ్మ మెల్లిగా తన పుస్తకం తెరిచింది. "కానీ అత్తా, నా టేపులో అంగుళంపావు తగ్గింది. నడుం ముప్పై నాలుగూ ముప్పావుకి వచ్చింది. మొన్న నాలుగు మెట్లు తనే ఎక్కింది కూడా."

"మీ టేపు జాకెట్లకి పనికొస్తుందమ్మా. ఇక్కడ కాటా చెప్పిందే మాట," అని ఆమె లోపలికి పరిగెత్తింది. బండి కింద పడ్డ కుక్క బతికింది. ఆ సంతోషంలో ఇటు అన్న మాట ఆమెకు గుర్తే లేదు. అనిపించుకున్నవాళ్లకి గుర్తుంది.

ఆరో వారం చివర చుక్క ముప్పై ఎనిమిదిన్నర తూగింది. ఆసరా పట్టీ విప్పి తూచి, సున్నా చుట్టింది. రెండు వారాల్లో రెండు కిలోల ఆరు వందలు! లెక్క ప్రకారం ఆమె అక్కడే ఆగి ఆలోచించాలి. నూటికి రెండు దాటకూడదని ఊరందరికీ చెప్పే మనిషి. కానీ ఆమె అనుకున్నది వేరు. తన నోటి దెబ్బకి దొంగ తిండి ఆగింది, అందుకే ఒక్కసారిగా దిగింది అనుకుంది. చెయ్యి వేసి చూడలేదు. "చూశారా, చెప్తే వింటే ఎంత బాగుంటుందో!" అని టీచరమ్మ భుజం తట్టింది. అక్కచెల్లెళ్లిద్దరూ నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. ఆ సంగతి కాటా అత్త కళ్లలో పడింది గానీ మనసులో పడలేదు.

ఎనిమిదో వారం చివర, పొద్దున పదింటికి, వాళ్లు చుక్కను దుప్పట్లో మోసుకొచ్చారు.

మూడు రోజులుగా లేవడం లేదు. ముందు కాళ్లు ఆన్చుతుంది, వెనక కాళ్లు వణికి జారిపోతాయి. తల ఎత్తి చూసి మళ్లీ దుప్పటి మీద పెట్టేస్తుంది. డాక్టరు ఆపరేషన్ గదిలో ఒక పిల్లికి కుట్లు వేస్తున్నాడు, ఇంకో పావుగంట పడుతుంది. టైలరమ్మ బల్ల దగ్గరకు వెళ్లి నిద్రపుచ్చే అనుమతి కాగితం అడిగింది. గొంతులో తడి లేదు. రాత్రంతా ఏడ్చి అయిపోయిన గొంతది.

"మూడు నెలలన్నారు కదమ్మా, ఇంకా నెల ఉంది," అంది కాటా అత్త.

"మూడున్నర కిలోలు తగ్గించాం. చెప్పిందంతా చేశాం. అప్పుడు మూడుసార్లకి లేచేది, ఇప్పుడు అసలు లేవట్లేదు. ఇంకో నెల దేనికి అత్తా, దీన్ని ఏడిపించడానికా?"

కాటా అత్త కాగితం బల్ల మీద పెట్టింది. డాక్టరు చూశాకే ఏదైనా అని చెప్పింది. టైలరమ్మ పెన్ను తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఆ ఇంజెక్షను మోతాదు బరువుని బట్టే. అంటే ఈ చివరి తూకం కూడా ఆమే వెయ్యాలి. ఎన్నోసార్లు వేసిన తూకమే. దుప్పటితో సహా తూస్తే దుప్పటి బరువు కలుస్తుంది కాబట్టి, చుక్కను నేల మీదికి దించి, ఒంటి మీదున్న పట్టీలు విప్పి కుర్చీ మీద పడేసి, ఖాళీ దుప్పటి కాటా మీద వేసి మీట నొక్కింది. అంకె సున్నాకి వచ్చింది. అప్పుడు ముగ్గురూ కలిసి చుక్కను దాని మీదికి ఎత్తారు. ముప్పై ఆరూ ఆరు వందలు.

అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని చేతులు వేసింది. పక్కటెముకల మీద ఇంకా మెత్తదనం ఉంది, గట్టిగా నొక్కితే గానీ ఎముక దొరకదు. ఏడు. సరిపోయింది. అక్కడినుంచి వేళ్లు వెన్నుమీదికి వెళ్లాయి, అక్కడ ఆగిపోయాయి.

వెన్నెముకకు అటూ ఇటూ నిండుగా ఉండాల్సిన కండ లేదు. వేళ్లు గుంటలోకి దిగాయి. తుంటి మీద ఎముక అంచు చేతికి తగిలింది. తొడ పట్టుకుంటే వదులుగా కదిలింది. కణతల దగ్గర చూసింది, అక్కడా లోతు. పక్కల కొవ్వు అలాగే ఉంది, నిలబెట్టే కండ కరిగిపోయింది. ఇది కీళ్లు చేసిన పని కాదు. ఆకలి చేసిన పని.

కాటా అత్త కళ్లు తెరిచింది. "ఏం పెడుతున్నారు దీనికి?"

"మీరు చెప్పిందే," అంది టీచరమ్మ. "పొద్దున నూట ముప్పై అయిదు, సాయంత్రం నూట ముప్పై అయిదు."

"అది డైరీ మాట. గిన్నెలో ఎంత వేస్తున్నారు?"

టైలరమ్మ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. లోపల ఆపరేషన్ గదిలో ఏదో పళ్లెం చప్పుడైంది.

"అమ్మా, చెప్పండి. ఈసారి తిట్టను," అంది కాటా అత్త. ఆ మాట ఆమె నోటినుంచి ఆ ఆసుపత్రిలో ఎవరూ విని ఎరగరు.

"డెబ్భై," అంది టైలరమ్మ, నేలకేసి చూస్తూ. "పొద్దున డెబ్భై వేస్తున్నాను. ముక్కలు కూడా మానేశాను."

టీచరమ్మ గిరుక్కున తిరిగింది. "అక్కా! డెబ్భైయా? ఎప్పట్నుంచి?"

"అత్త చెప్పిన రోజునుంచి. ఎవరో పెడుతున్నారని అన్నారు కదా. నేను పెట్టట్లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమేగా. నీకు జాలెక్కువ, సాయంత్రం నువ్వే పెడుతున్నావనుకున్నా. నిన్ను అడిగితే ఏడుస్తావు. అందుకని నా వంతులో కోసేశాను."

టీచరమ్మ చుక్క పక్కన నేల మీద కూర్చుంది. "నేను ఎనభై వేస్తున్నా. నేను స్కూలుకి పోయాక రోజంతా నీ మిషను కిందే పడుకుంటుంది కదా, నువ్వే పెడుతున్నావనుకున్నా. అది నా కాళ్ల చుట్టూ తిరిగి గిన్నె నాకుతుంటే, నేను గదిలోకెళ్లి తలుపేసుకునేదాన్ని."

"అయ్యో, ఎంత పని చేశామే!" అంది టైలరమ్మ. పెన్ను చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది.

నూట యాభై గ్రాములు. రోజుకు నాలుగు వందల యాభై కేలరీలు. చెప్పినదాంట్లో సగం. కాటా అత్త ఇరవై రెండేళ్లుగా దొంగచాటుగా పెట్టేవాళ్లనే వెతికింది గానీ, దొంగచాటుగా కోసేవాళ్లుంటారని కలలో కూడా అనుకోలేదు. అయినా మరి నాలుగో వారం ఎవరు పెట్టారు? ఇద్దరూ పెట్టకపోతే ఆ రోజు బరువెందుకు దిగలేదు?

కార్డు చేతిలోకి తీసుకుంది, ఇవాళ్టి బరువు రాయడానికి. ముప్పై ఆరూ ఆరు వందలు. దుప్పటి తీసేశాను కదా అనుకుంటూ పక్కన సున్నా చుట్టింది. చుట్టిన చెయ్యి అలాగే పైకి పోయింది. ముప్పై ఎనిమిదిన్నర, సున్నా. నలభై ఒకటీ వంద, సున్నా లేదు. నలభై ఒకటీ రెండు వందలు, సున్నా.

ఆ ఖాళీ జాగా చూసి, తలెత్తి గదంతా వెతికింది. ఆసరా పట్టీ కుర్చీ మీద పడి ఉంది. చుక్కను దుప్పటితో సహా కిందికి దించాక, ఆమె మీట నొక్కి కాటాను మళ్లీ సున్నాకి తెచ్చి, ఆ పట్టీని రెండు చేతులా ఎత్తి దాని మీద పెట్టింది. ఎనిమిది వందల ఇరవై గ్రాములు.

నలభై ఒకటీ వందలోంచి ఎనిమిది వందల ఇరవై తీసేస్తే నలభై కిలోల రెండు వందల ఎనభై. రెండు వారాలకు తొమ్మిది వందల ఇరవై. వారానికి నూటికి ఒకటి పైన, ఎంత పద్ధతిగా తగ్గిందో! ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. టేపు నిజం చెప్పింది. నాలుగు మెట్లెక్కిన చుక్క నిజం చెప్పింది. అబద్ధం చెప్పింది కాటా, దాని పక్కన నిలబడ్డ తన నోరు.

ఈ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. అక్కచెల్లెళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడుస్తున్నారు, కాటా వైపు చూడట్లేదు. పట్టీ తీసేస్తే అంకె పోతుంది. కండ కరిగింది, తిండి పెంచండి అని డాక్టరుతో చెబితే చుక్క బతుకుతుంది, తన పేరు కూడా బతుకుతుంది. ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంటున్న చప్పుడు వినపడింది. కాటా అత్త పట్టీ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"ఇటు రండమ్మా ఇద్దరూ," అంది. "ఈ అంకె చూడండి."

చూశారు. ఆమె కార్డు పక్కన పెట్టి, సున్నా లేని చోట వేలు ఉంచి, ఒక్కొక్క ముక్కే చెప్పింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన డాక్టరు కూడా గుమ్మంలో ఆగి విన్నాడు. "ఆ రోజు పట్టీ విప్పకుండా తూచింది నేను. మీరు అబద్ధం చెప్తున్నారన్నాను, అబద్ధం నా రాతలో ఉంది. పోయినసారి ఒక్కసారి వెన్ను మీద చెయ్యి వేసి ఉంటే అప్పుడైనా తెలిసేది. అదీ చెయ్యలేదు. తప్పు నాది."

టీచరమ్మ వంగి చుక్క తల నిమిరింది. టైలరమ్మ మాత్రం ఊరుకోలేదు. "నేను టేపు చూపించాను కదా," అంది. అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. "చూపించాను కదా అత్తా! నెల రోజులు నా చెల్లెల్ని దొంగలా చూశాను. ఆకలితో ఉన్న దాన్ని కాలితో పక్కకి తోశాను. ఇప్పుడు సంతకం కూడా పెట్టేసేదాన్ని."

కాటా అత్త ఆ ఖాళీ జాగా మీంచి వేలు తియ్యలేదు. ఏడిస్తే ఆ ఏడుపు కూడా వాళ్ల మీద పెట్టే బరువేనని ఏడవలేదు. "అవునమ్మా," అంది.

డాక్టరు చుక్క దగ్గర కూర్చుని కండలన్నీ తడిమాడు, కాళ్లు వంచి చూశాడు, రక్తం తీయించాడు. సాయంత్రానికి ఫలితం వచ్చింది, లోపల వేరే జబ్బేమీ లేదు. నొప్పి మాత్రలు మానవద్దన్నాడు. రెండు వారాల దాకా బరువు తగ్గించే మాటే ఎత్తవద్దన్నాడు. అదే మేత, కొద్దికొద్దిగా పెంచుతూ మూడు వందల ముప్పై గ్రాముల దాకా, మూడు పూటలుగా. ఆసరా పట్టీతో లేపి, రోజుకు నాలుగుసార్లు అయిదేసి నిమిషాలు నడిపించాలి. కండ నిలిచాక మళ్లీ తగ్గించడం మొదలు, ఈసారి వారానికి నూటికి ఒకటే. ముప్పైకి చేరాలంటే ఇంకో అయిదు నెలలు పట్టినా పట్టనీ అన్నాడు.

"లేస్తుందంటారా?" అని అడిగింది టీచరమ్మ.

"మాటివ్వలేనమ్మా. కానీ కాగితం ఇవాళ వద్దు."

టైలరమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొలతల పుస్తకంలో పెట్టుకుంది. చింపలేదు. కాటా అత్తకు ఆ మడతలే రెండు వారాలూ కళ్లముందు ఆడాయి.

ఆ రెండు వారాలూ ఆమె నోరు పడిపోయినట్టే ఉంది. తొమ్మిదికి ఎనిమిదున్న కుక్కను తెచ్చినవాళ్లు కూడా తిట్లు తినకుండా వెళ్లారు. వాళ్లకే వెలితిగా ఉన్నట్టుంది, "ఒంట్లో బాలేదా అత్తా?" అని అడిగారు. ఇంట్లో వాళ్లాయన తన పక్కటెముకలు తనే తడుముకుని "ఏడున్నర" అన్నా పలకలేదు. కార్డుల పెట్టె ముందేసుకుని పాత కార్డులన్నీ తిరగేసింది. సున్నా లేని గీత ఇంకొకటి దొరకలేదు. దానితోనూ ఊరట కలగలేదు.

పదో వారం చివరి రోజు ఆమె పొద్దున్నే వచ్చి కాటా తుడిచి, మీట నొక్కి సున్నాకి తెచ్చి, మళ్లీ తుడిచింది. పది దాటింది. పదిన్నర దాటింది. రాకపోతే ఏమనుకోవాలో ఆమెకు తెలుసు. వరండాలోకి ఎవరి అడుగు చప్పుడు వినపడినా గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చేది.

పదకొండింటికి వాళ్లొచ్చారు. దుప్పటి లేదు. టీచరమ్మ పట్టీ పిడి పట్టుకుని ఉంది గానీ, పిడి వదులుగా వేలాడుతోంది. చుక్క నాలుగు కాళ్ల మీద, కాస్త అటూ ఇటూ తూలుతూ, తనంతట తను నడిచి వస్తోంది. కాటా అత్తను చూసి తోక ఊపింది. కుక్కలకి ఏదీ మనసులో పెట్టుకోవడం రాదు. ఆ తోక చూసి ఆమె కళ్లు నిండిపోయాయి, మొహం పక్కకి తిప్పుకుంది.

టైలరమ్మ వంగి ఆసరా పట్టీ బకిల్సు విప్పింది, మెడ పట్టీ విప్పింది, రెండూ తీసుకెళ్లి దూరంగా కిటికీ గట్టు మీద పెట్టింది. "చూసుకోండి, ఒంటి మీద ఏమీ లేదు," అంది.

కాటా అత్త కాటా వైపు కదలలేదు. కార్డూ కలమూ పట్టుకుని అక్కడే నిలబడింది.

"ముందు మీ టేపు చెప్పండమ్మా," అంది. "రాసుకుంటాను."

టైలరమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత మెడలోని టేపు తీసి, చుక్క నడుం చుట్టూ వేసింది. అక్కడితో ఆగకుండా వెనక తొడ చుట్టూ కూడా వేసి పుస్తకంతో సరిచూసుకుంది. "నడుం ముప్పై రెండున్నర, మారలేదు. తొడ పావంగుళం పెరిగింది," అంది. కాటా అత్త రెండూ రాసుకుంది. అప్పుడు చుక్క, ఎవరూ నెట్టకుండానే, ముందు కాళ్లు ఒక్కొక్కటీ, తర్వాత వెనక కాళ్లు, తనే కాటా ఎక్కి నిలబడింది.

ముప్పై ఆరూ ఎనిమిది వందలు. రెండు వందల గ్రాములు పెరిగింది. కుక్క బరువు పెరిగినందుకు కాటా అత్త సంతోషించడం అదే మొదటిసారి. అంకె రాసింది. పక్కన సున్నా చుట్టబోయి ఆగి, కలం టైలరమ్మ చేతికిచ్చింది.

టైలరమ్మ కిటికీ గట్టు వైపు ఒకసారి చూసింది, పట్టీలు రెండూ అక్కడే ఉన్నాయి. వంగి చుక్క మెడ చుట్టూ చెయ్యి పోనిచ్చి చూసింది. అప్పుడు సున్నా చుట్టింది.